తడి గోనెల బేరం

కొల్లేటి వరద గోనెలు నేను కొన్నంత చవగ్గా ఏలూరు బజారు మొత్తంలో ఇంకెవరూ కొనలేదు. ఈ మాట ఇప్పటికీ ఎవరి ఎదుటనైనా అంటాను. కొత్త గోనె ధరకు నాలుగు పాత గోనెలు రావడం మామూలు. నేను తొమ్మిది తెచ్చాను. అమ్మిన రైతు బేరం ముగిశాక కండువాతో మొహం తుడుచుకుని, మావారి వంక జాలిగా చూసి, "ఏవండీ, ఇంట్లో కూడా ఇంతేనా?" అని అడిగాడు. ఆ మాట నేను పతకంలా మెడలో వేసుకుని చాలాకాలం తిరిగాను.

మావారిది పాత గోనెల వ్యాపారం. కొట్టు ఆయనదే గాని నోరు నాది. నేను కొట్లోనే పుట్టి కొట్లోనే పెరిగినదాన్ని. అక్షరాలకంటే ముందు తక్కెడ ముల్లు చూడటం నేర్చుకున్నాను. మావారో, అవతలివాడు ఐదంటే "పోనీ, ఐదున్నర తీసుకోండి, పిల్లలు గలవారు" అనే రకం. అందుకని పెద్ద బేరాలకు నన్ను వెంట తీసుకుపోయేవారు. ఆడది పడవెక్కి సరుకు కొనడానికి పోవడమేమిటని మా అత్తగారు సణిగేది; లాభం వచ్చాక మానేసేది.

ఆ ఏడు తమ్మిలేరూ బుడమేరూ కలిసి పొంగి కొల్లేరు గట్లు మింగేశాయి. నీళ్లు తీయడం మొదలెట్టాక, ఒక లంక ఊళ్లో పెద్దరైతు ధాన్యం కొట్టులో గోనెలు తడిసిపోయాయనీ, వదిలించుకుంటాడనీ కబురొచ్చింది. కోతలనాటికి గోనెల ధర ఎక్కడుంటుందో నాకు తెలుసు. మర్నాడే పడవెక్కాం.

కొట్టులో ఇంకా నడుంలోతు నీళ్లున్నాయి. తడిసిన గోనెలు అటక మీదికి ఎక్కించి పెట్టారు. నేను పడవలోంచి దిగలేదు. పడవను గుమ్మానికి ఆనింపించి, లోపలికి తొంగిచూశాను. అటక నిండా ఎలుకలు. పొలాలన్నీ మునిగితే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? ఊరి ఎలుకలన్నీ ఆ అటకెక్కాయి. గోనెల మీద పరుగులు, దూలాల మీద పరుగులు, కిచకిచలు.

మావారు ముక్కు మూసుకుని, "వద్దులేవే, పోదాం," అన్నారు.

నేను ముక్కు తెరుచుకుని గట్టిగా వాసన చూశాను. చచ్చిన ఎలుక కంపు ఎక్కడా లేదు. మా చిన్నప్పుడు ప్లేగు రోజుల్లో మా నాన్న నేర్పిన విద్య అది. ఎలుక చచ్చి పడిందంటే ఊరు ఖాళీ చెయ్యి, ఎలుక తిరుగుతోందంటే నిశ్చింతగా ఉండు. పైగా మా కొట్లో ఇంకో మాట ఉండేది: ఎలుక నిలవని చోట సరుకు నిలవదు. కుళ్లిన గోనెలో ఎలుక కాపురం పెట్టదు కదా. కనుక ఇన్ని ఎలుకలు హుషారుగా తిరుగుతున్నాయంటే లోపలి గోనెలు పుచ్చలేదన్నమాట. నా తెలివికి నేనే మురిసిపోయాను. పైకి మాత్రం మొహం చిట్లించి, "ఛీ, ఇవి గోనెలా, ఎలుకల ఊళ్లా? ఊరికే ఇచ్చినా మొయ్యడం దండగ," అని మొదలెట్టాను. మీకు తెలిసిందే, ఎక్కడ ఆగానో.

గోనెలు దించి పడవకెక్కించింది మమ్మల్ని తీసుకొచ్చిన పడవతనే. నలభై ఏళ్లుంటాయి. వరదొచ్చినప్పటినుంచీ ఆ నీళ్లలోనే ఉన్నాడు, ఒకరి సామాను ఇటూ ఒకరి పశువులు అటూ చేరవేస్తూ. కాళ్లు నాని తెల్లబడి, వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయి ఉన్నాయి. తడి గోనెల కట్ట నెత్తిన పెట్టుకుంటే ఆ నీరు మొహం మీదుగా కళ్లలోకి కారేది. రెండు చేతులూ కట్ట మీద ఉండటంతో తుడుచుకునే వీల్లేదు. భుజంతో రుద్దుకునేవాడు.

మొదటి పడవ సరుకు ఏలూరు కాలువ గట్టుకు చేరింది. మిగిలినదానికి మళ్లీ రెండు మూడు దఫాలు తిరిగాడు. చివరి సరుకు దింపిన రోజు గట్టు మీద కూలబడిపోయి, "అమ్మగారూ, పిక్కలు పీకేస్తన్నాయండీ. నిలబడలేపోతన్నాను. ఇంకో రెండణాలు ఇప్పించండి," అన్నాడు.

కళ్లు చూస్తే నిప్పుకణికల్లా ఉన్నాయి. పుసి లేదు, నీరు లేదు, వట్టి ఎరుపు. నేను ఇలాంటివాళ్లను కొట్టు గుమ్మంలో ఎంతమందిని చూశాను!

"పిక్కలు పీకుతున్నాయా, కల్లు పాక పిలుస్తోందా?" అన్నాను.

గట్టు మీదివాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు, మర్యాదకి. "కల్లు తాగి నాల్రోజులైందండీ. నోటికేదీ సయించటం లేదు," అన్నాడు.

"అయితే రెండణాలు మిగిలే ఉంటాయి," అన్నాను. ఇంకా నవ్వారు. మావారి చెయ్యి జేబులోకి పోతుంటే కళ్లతో ఆపాను. ఒప్పుకున్న కూలి ఒప్పుకున్నట్టే ఇచ్చి పంపించాను.

మా ఇంట్లో గోనెలు బాగుచేయడం నా తోడికోడలి పని. మా మరిది భార్య. నాకంటే పన్నెండేళ్లు చిన్నది, నాలిక మాత్రం నాకంటే పొడుగు. దబ్బనం పట్టిందంటే పెద్ద చిరుగు కూడా మాయమైపోయేది. గోనె పనిలో ఒక మర్మముంది. ఎండిన గోనెలో దబ్బనం దిగదు, వేళ్లు వాస్తాయి. అందుకని కుట్టేముందు నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. ఇవి ఎలాగూ తడిసే ఉన్నాయి. వాటిని ఎండబెట్టి, మళ్లీ తడిపి, మళ్లీ ఎండబెట్టడం ఏం వ్యాపారం? "తడి మీదే కుట్టేద్దాం, తర్వాత ఒక్కసారే ఎండబెడదాం," అన్నాను.

"కొల్లేరు మొత్తం నా ఒళ్లో పోశారు కదా అక్కయ్యా," అంది ఆవిడ, గోనెను కాలి వేళ్లతో తొక్కిపట్టి. "చేప ఒకటి కూడా దొరికితే సాయంత్రానికి పులుసు పెడతాను."

"చేప దొరికితే లెక్క చెప్పు, అది కూడా కొన్నదే."

దొడ్లో కూర్చుని కుట్టేది. వేలిలో దబ్బనం గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని చప్పరించేది. పురికొసను పెదవులతో తడిపి మొన చేసి, పని కాగానే పళ్లతో కొరికి తెంపేది. అందరూ అలాగే చేస్తారు. నేనూ ఒకపూట కుట్టి, నడుం నొప్పని లేచిపోయాను.

సగం గోనెలు పూర్తయ్యేసరికి ఒక మధ్యాహ్నం, కుడుతున్నది కుడుతున్నట్టే, చలి పట్టుకుంది తనకి. పళ్లు టకటకలాడాయి. తల పగిలిపోతోందంది. సాయంత్రానికి ఒళ్లు పెనంలా కాలింది. మా అత్తగారు "లంఖణం పరమౌషధం" అని అన్నం మాన్పించింది, మంచినీళ్లు కూడా చుక్కచుక్కగా పోసింది. నీళ్లు తాగితే జ్వరం తిరగబెడుతుందట. జ్వరం కాస్త తగ్గినట్టే తగ్గింది. తర్వాత కళ్లు పసుపురంగుకు తిరిగాయి.

"కామెర్లు!" అంది మా అత్తగారు. దానికి ఆవిడ దగ్గర పద్ధతి ఉంది. మణికట్టు మీద వాత పెట్టించాలి, ముక్కులో పసరు పోయించాలి. వాతలు పెట్టేవాడికి కబురు వెళ్లింది కూడా. మంచం మీద తోడికోడలు నా చెయ్యి పట్టుకుని, "అక్కయ్యా, వాత ధర బేరమాడకండి. తగ్గిస్తే సగమే కాలుస్తాడు," అంది. అప్పుడు కూడా నాలిక ఆగలేదు. కాని ముక్కులోంచి నెత్తురు చారగా కారుతోంది. అది చూశాక వాతలవాడి కోసం ఆగలేదు. మరిదిని పంపి పెద్దాసుపత్రి డాక్టరుగారిని పిలిపించాను.

డాక్టరుగారు అండమాన్లలో కొన్నేళ్లు కొలువు చేసి, ఇలాంటి జ్వరాలు అక్కడ చూసి వచ్చిన మనిషి. నాలికా కళ్లూ చూశారు. తర్వాత దుప్పటి మీదనుంచే పిక్క మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కారు. అంతే, ఆ పిల్ల కెవ్వుమని అరిచింది. అంత జ్వరంలోనూ నవ్వించిన మనిషి, ఒక్క వేలికి ఏడ్చేసింది.

ఆ అరుపుతో నాకు కాలువ గట్టు కళ్లముందుకొచ్చింది. పిక్కలు పీకేస్తన్నాయండీ. నిప్పుకణికల్లాంటి కళ్లు. గట్టు మీది నవ్వులు.

"ఇంట్లో ఎలుకలున్నాయా అమ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

"ఒక్కటి కూడా పడలేదండీ," అన్నాను, ఆ స్థితిలో కూడా గర్వంగానే.

"పడినవాటి సంగతి కాదు. తిరిగేవాటి సంగతి అడుగుతున్నాను."

నేను చెప్పాను. అటకా, గోనెలూ, తడి మీద కుట్టడమూ, అన్నీ. ఆయన వింటూ వింటూ దొడ్లోకి వెళ్లి, మిగిలిన గోనెల కట్ట దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు.

"ప్లేగులో ఎలుక ముందు చస్తుందమ్మా. దాని ఒంటి మీద బతికే చిన్న పురుగు అప్పుడు మనిషి మీదికి దూకి కుడుతుంది. అందుకని చచ్చిన ఎలుకను చూసి భయపడమన్నారు. ఎలుక కరిస్తే వచ్చే జ్వరం వేరే ఉంది. ఇది ఆ రెండూ కాదు. ఇందులో ఎలుకకు ఏ రోగమూ కనిపించదు. ఆ క్రిమి దాని మూత్రపిండాల్లో కాపురముంటుంది, మూత్రంతో బయటికొస్తుంది. వరద నీళ్లలో, బురదలో, ఇదిగో ఇలాంటి తడిలో బతికి ఉంటుంది. కాలి పగులులోంచో, గుచ్చుకున్న వేలిలోంచో, నానిపోయిన చర్మంలోంచో, కంట్లోంచో, నోట్లోంచో లోపలికి పోతుంది. హుషారుగా తిరిగే ఎలుకే దీన్ని మోస్తుంది."

నేను కొన్నది ఆ హుషారును చూసే కదా.

"మందు?" అన్నాడు మరిది.

"సూటిగా దీన్ని చంపే మందు నా దగ్గర లేదు. ఎక్కడో సీరం అనే సూదిమందు చేస్తున్నారంటారు, మనదాకా రాలేదు. మూత్రం ఎలా వస్తోంది?"

మరిది నా వంక చూశాడు. మా అత్తగారే, "పొద్దుటినుంచీ లేదు బాబూ. నీళ్లు తాగితే కదా," అంది.

ఆయన కోప్పడలేదు, అదే భయం వేసింది. "పెద్దమ్మగారూ, ఈ జబ్బు చంపేది అక్కడే. నీళ్లు మాన్పించకండి. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకురండి, ఉప్పునీళ్లు ఎక్కిస్తాను. మూత్రం దిగితే మనిషి దక్కుతుంది." వాతలు పెట్టేవాడు గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు.

ఆమెను ఆసుపత్రిలో చేర్చి, నేను మావారిని పక్కకు పిలిచాను. "ఆ పడవతని దగ్గరికి వెళ్లండి. ఉన్నపళాన పడవలో వేసుకుని రండి," అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. గట్టు మీద ఆయన కూడా ఉన్నారు కదా.

ఆసుపత్రిలో మా బతుకంతా ఒక గాజు సీసా చుట్టూ తిరిగింది. ఆమె మూత్రం పట్టి కొలిచే సీసా అది. మా అత్తగారు పక్కనే కూర్చుని చెంచాతో బార్లీనీళ్లు పోసేది. ముందు చుక్కలు లెక్కపెట్టి పోసిన మనిషే, "ఇంకో గుక్క తల్లీ, ఇంకో గుక్క," అని బతిమాలేది. సీసాలో అడుగు తడవడం లేదు. వచ్చిన ఆ కాస్తా కాఫీ డికాషన్లా ఉంది. దాంట్లో కూడా క్రిమి ఉండొచ్చని, పారబోసేముందు బ్లీచింగు పొడి కలపమన్నారు డాక్టరుగారు.

బట్టలకని ఇంటికి వచ్చిన పూటే తాడేపల్లిగూడెం వర్తకుడు దిగాడు. రైస్ మిల్లులకు గోనెలు సరఫరా చేసే మనిషి. జబ్బుకు ముందు నేను పెట్టిన కబురుకే వచ్చాడు. రైలు దిగి తిన్నగా దొడ్లోకి వచ్చి గోనెలు చూస్తుంటే, "ముట్టుకోకండి!" అని అరిచాను.

"ఏమ్మా?"

"ఇవి మంచివి కావండీ. ఎలుకల ఉచ్చలో నానాయి. మా తోడికోడలు వీటిని కుట్టే మంచాన పడింది."

ఆయన నా మొహం చూసి నవ్వాడు. "చెల్లెమ్మా, ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. అమ్మేవాళ్లు సరుకును తిట్టడం మొదటిసారి చూస్తున్నా. వేరే ఎవరో ఎక్కువ ఇస్తానన్నారు, అంతేనా? సరే, గోనెకు ఇంకో కానీ వేసుకో."

"డబ్బు కాదండీ అన్నగారూ. నిజంగానే చెడ్డవి."

"అర్ధణా."

జన్మలో నేను నిజం చెప్పి ధర పెంచుకున్నది ఆ ఒక్కసారే. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంత కాలం నేను చేసిన బేరాలన్నీ ఒకచోట చేరి నా నోటికి తాళం వేశాయి. చివరికి చేతులు జోడించి, "ఆసుపత్రికి వచ్చి మా పిల్లను చూడండి. చూశాక కూడా కొంటానంటే మీ ఇష్టం," అన్నాను. ఆయన వచ్చాడు. వరండాలోంచి మంచం వంక చూశాడు, పసుపు తిరిగిన మొహం, పసుపు తిరిగిన కళ్లు. మారు మాట లేకుండా కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. "ఎండబెట్టాక కబురు పెట్టమ్మా," అని రైలుకి వెళ్లిపోయాడు.

అదే సాయంత్రం మావారు తిరిగొచ్చారు, ఒంటరిగా. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. నేను అడగలేదు, ఆయనే చెప్పారు. మా గోనెలు దింపి ఇల్లు చేరిన మనిషి మళ్లీ లేవలేదట. ఒళ్లు పచ్చబడిందట, మూత్రం బందయిందట. దిష్టి తీశారు, వాత పెట్టారు. మావారు వెళ్లేసరికి కర్మకాండలు కూడా అయిపోయాయి.

"ఆ రోజు రెండణాలిచ్చి ఉంటే..." అని ఏదో అనబోయారు.

"అనండి," అన్నాను. ఆయన లేచి వార్డులోకి నడిచారు.

తోడికోడలికి ఆ మర్నాడో ఆ తర్వాతో, తెల్లవారుతుండగా, సీసా సగం నిండింది. మా అత్తగారు ఆ సీసాను దీపం దగ్గర పట్టుకుని చూసిన తీరు చెబితే నవ్వుతారు. తీర్థంలా పట్టుకుంది. సాయంత్రానికి ఇంకో సీసా. డాక్టరుగారు అప్పటికిగాని నవ్వలేదు.

గోనెలు పారేయమని మావారు అన్నారు. ఎండకు ఈ క్రిమి బతకదని డాక్టరుగారు చెప్పారు కనుక పారేయలేదు. కాని బాగుచేసిన పద్ధతి మారింది. కట్టెలతో ఎత్తి, సున్నపునీళ్లలో ముంచి, గట్టు మీద పలచగా పరిచి, గలగలలాడేదాకా ఎండబెట్టాం. ఎత్తినవాళ్ల చేతులకు గుడ్డలు చుట్టించాను, వేళ్లు తెగినవాళ్లను రానివ్వలేదు. అప్పటినుంచి మా ఇంట్లో పురికొసను కత్తెరతోనే తెంపాలి. కొట్లో సరుకు గోడకు ఎడంగా బల్లల మీదికి ఎక్కింది, ఇంట్లో తవుడూ గింజలూ రేకు డబ్బాల్లోకి వెళ్లాయి, గోడ కన్నాలు గాజుపెంకులతో మూతపడ్డాయి. బోనులు పెట్టాం. వినాయకుడి వాహనమని మా అత్తగారు కాస్త గొణిగింది గాని, బోను తీసి పెట్టేది ఆవిడే. చచ్చినదాన్ని పట్టకారుతో తీసి, దూరంగా పూడ్చేది.

కార్తీకం వెళ్లాక నేను లంక ఊరికి వెళ్లాను. బియ్యం, బట్టలు, కొంత డబ్బు పట్టుకెళ్లాను. పడవతని భార్య వాకిట్లో వల బాగుచేసుకుంటోంది. నన్ను గుర్తుపట్టింది.

"కూలి అప్పుడే ఇచ్చేశారు కదమ్మా," అంది. తప్పు పట్టడానికి అన్న మాట కాదు, నిజంగానే లెక్క చెప్పింది.

డాక్టరుగారు చెప్పినవన్నీ నాకు చేతనైనట్టు చెప్పాను. కాలికి పుండుంటే వరద నీళ్లలో దిగొద్దనీ, దిగక తప్పకపోతే మైనం గుడ్డ చుట్టుకోమనీ, ఇంటికి రాగానే మంచినీళ్లతో కడుక్కోమనీ, తాగేవి కాచి తాగమనీ, చలిజ్వరం వచ్చి పిక్కలు ముట్టుకోనివ్వకపోతే వాతలకు పోకుండా ఏలూరు రమ్మనీ. ఆమె అన్నీ విన్నది.

"నీళ్లలో దిగకుండా కొల్లేట్లో బతికేదెట్టాగమ్మా?" అంది.

నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. "కాళ్లు కడుక్కోవడం ఒకటి, నీళ్లు కాచుకోవడం ఒకటి, జ్వరమొస్తే త్వరగా రావడం ఒకటి. ఈ మూడైనా," అన్నాను. ధర తగ్గించి అడగడం అలవాటే కదా నాకు. ఆమె తలూపింది. బియ్యం తీసుకుంది. డబ్బు వద్దంది, రెండోసారి అడిగితే తీసుకుంది.

ఇక లెక్క. గోనెలు తాడేపల్లిగూడెం వర్తకుడే, ఎండాక, వచ్చి చూసి, మామూలు ధరకు కొన్నాడు. కొన్న ధర, పడవ కూలి, సున్నం, ఆసుపత్రి ఖర్చులు పోగా కొద్దిగా మిగిలింది. ఆ మిగిలింది లంక ఊరికి పోయింది. అక్కడికి డబ్బు లెక్క సరి. తోడికోడలు బతికింది. ఆ ఏడంతా మెట్లెక్కితే ఆయాసపడేది, జుట్టు సగం ఊడింది, నాలిక మాత్రం మొత్తం తిరిగొచ్చింది. అది నా పుణ్యం కాదు, డాక్టరుగారిదీ మా అత్తగారి చెంచాదీను.

పడవతనికి జబ్బు నా గోనెల వల్లనే వచ్చిందని రాసుకోలేను. నేను రాకముందే అతను ఆ నీళ్లలో ఉన్నాడు. వెంటనే ఆసుపత్రికి తెచ్చి ఉంటే బతికేవాడా అని డాక్టరుగారిని ఒకసారి అడిగాను. "చెప్పలేనమ్మా. తెచ్చినవాళ్లలోనూ పోయేవాళ్లున్నారు," అన్నారు. కనుక చావు మొత్తం నా పద్దులో వేసుకుంటే అదీ దొంగ లెక్కే అవుతుంది. నా పద్దు ఇంతవరకే: ఒక మనిషి తన జబ్బును పేరు తప్ప అన్ని గుర్తులతో నా ముందు పెట్టాడు, నేను దాన్ని బేరమనుకున్నాను, నలుగురిని నవ్వించి రెండణాలు మిగుల్చుకున్నాను.